మూడంతస్తుల చెట్టు: బీ-ట్రీలో పేజీ చీలినప్పుడు

(తిరుపతిలో ఒక ఆదివారం డెవలపర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసిన చోట చేసిన ప్రసంగం ఇది. రాసేటప్పుడు చెప్పిందే చెప్పిన చోట్లు కొన్ని తీసేశాను.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి బోర్డు కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకి రండి, ముందు కుర్చీలు ఎప్పటిలాగే ఖాళీ.

ముందు ఒక పాల డెయిరీ సంగతి చెప్తాను. మన చిత్తూరు వైపు పాల గురించి మీకు చెప్పక్కర్లేదు. తెల్లారకముందే క్యాన్ పట్టుకుని పాల కేంద్రానికి పోవడం, అక్కడ లీటర్లు కొలిచి, ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ ఎంత అని మిషన్లో చూసి చీటీ ఇవ్వడం, సాయంత్రం మళ్ళీ అదే తంతు. మీలో సగం మంది ఇళ్ళల్లో జరిగే పనే. ఆ చీటీయే డేటాబేస్‌లో ఒక రికార్డు. డెయిరీ పేరు చెప్పను, ప్రైవేటుది. అంకెలు కూడా లెక్కకి వీలుగా గుండ్రంగా సర్దాను: 60 వేల మంది రైతులు, రోజుకి రెండు పూటలు, అంటే రోజుకి 1,20,000 రికార్డులు. ఏడాదికి దాదాపు 4.4 కోట్లు.

సాఫ్ట్‌వేర్ మేమే రాశాం. ఊళ్ళో సిగ్నల్ ఉండదు కాబట్టి పాల కేంద్రంలో ట్యాబే ప్రతి చీటీకీ ఒక ఐడీ పుట్టించుకుంటుంది. సిగ్నల్ దొరగ్గానే అన్నీ ఒకేసారి పంపేస్తుంది. ఆ ఐడీ ఏమిటంటే యూయూఐడీ, పూర్తిగా ర్యాండమ్‌గా పుట్టే రకం, 36 అక్షరాలు. దాన్నే ప్రైమరీ కీగా పెట్టాం. పెట్టింది నేనే, ఎవరి మీదకీ నెట్టను.

ఐదు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఆరో నెలలో కాస్త బరువెక్కింది. ఎనిమిదో నెలకి పొద్దున పది నిమిషాల్లో అయిపోవాల్సిన అప్‌లోడ్ అరగంట దాటుతోంది. డెయిరీ మేనేజర్ ఫోన్ చేసి, "ఏం సార్, మీ సాఫ్ట్‌వేర్‌కి ఎనిమిది నెలలకే ముసలితనం వచ్చిందా" అన్నాడు. సర్వర్‌లో చూస్తే ప్రాసెసర్ గోళ్ళు గిల్లుకుంటోంది. డిస్క్ మాత్రం నూటికి నూరు శాతం బిజీ. కోడ్‌లో ఒక్క లైను మారలేదు, రైతుల సంఖ్యా పెరగలేదు. మరి ఏం మారింది?

అది తెలియాలంటే ముందు డిస్క్ దగ్గరికి పోవాలి.

ఆ సర్వర్‌లో ఉన్నది మామూలు హార్డ్ డిస్క్, నిమిషానికి 7,200 చుట్లు తిరిగేది. ఒక చుట్టుకి 8.3 మిల్లీ సెకన్లు. మనకి కావలసిన చోటు హెడ్ కిందికి వచ్చేదాకా సగటున సగం చుట్టు ఆగాలి, అదొక నాలుగు. హెడ్ సరైన ట్రాక్ మీదికి జరగడానికి ఇంకో ఎనిమిది. మొత్తం 12 మిల్లీ సెకన్లు. అంటే ఎక్కడెక్కడో ఉన్నవాటిని చదవాలంటే సెకనుకి 80 సార్లకి మించి కుదరదు. మెమరీలోంచి తీసుకోవడానికి పట్టేది 100 నానో సెకన్లు. ఆ వందని ఒక సెకను అనుకోండి, జేబులోంచి పెన్ను తీసినట్టు. అప్పుడు డిస్క్ దగ్గరికి పోయి రావడం 33 గంటలు.

మన ఊరి లెక్కలో చెప్తాను. మీరు అలిపిరి దగ్గర నిలబడ్డారు, పైనుంచి లడ్డూలు తేవాలి. ఒక్కో లడ్డూకి ఒకసారి మెట్లెక్కి దిగుతారా? ఎక్కడం ఎటూ తప్పదు, ఎక్కినందుకు సంచి నింపుకుని వస్తారు. డిస్క్ కూడా అంతే. ఖర్చంతా దారిదే, మోతకి ఏమీ లేదు. చేరాల్సిన చోటికి హెడ్ చేరిన తర్వాత 16 బైట్లు చదివినా 16 కేబీ చదివినా తేడా 0.1 మిల్లీ సెకను అటూఇటూ. ఆ సంచినే మనం పేజీ అంటాం. మైఎస్‌క్యూఎల్ లోపల నడిచే ఇన్నోడీబీలో మామూలుగా 16 కేబీ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 8 కేబీ.

కాలేజీలో మనకి చెప్పిన బైనరీ ట్రీలో ఒక నోడ్‌లో ఒక్క కీ, రెండు కొమ్మలు. 4.4 కోట్ల రికార్డులకి, ఎంత బాగా బ్యాలెన్స్ చేసినా, 26 అంతస్తులు. ఒక్కో నోడూ డిస్క్‌లో ఒక్కో మూల ఉంటే 26 సార్లు కొండెక్కాలి, 300 మిల్లీ సెకన్ల పైన. ఒక్క చీటీ వెతకడానికి.

ఇప్పుడు అదే నోడ్‌ని పేజీ అంత వెడల్పు చేయండి. కీ 8 బైట్ల అంకె అనుకుందాం, కింది పేజీ నంబరు 4 బైట్లు, రికార్డు తలకట్టు 5 బైట్లు. ఒక్కో దారికి 17 బైట్లు చాలు. 16 కేబీలో 900 దారులు హాయిగా పడతాయి. అట్టడుగున, అంటే లీఫ్ పేజీల్లో, మన చీటీ రికార్డు 150 బైట్లు అనుకుంటే పేజీకి వంద పైచిలుకు. 900 ఇంటూ 900 ఇంటూ 100, అంటే 8 కోట్ల పైమాటే. మూడే అంతస్తులు! పైగా మధ్య అంతస్తులో ఉండేది ఐదొందల పేజీలు, 8 ఎంబీ. అవి ఎప్పుడూ మెమరీలోనే కూర్చుంటాయి. ఇక డిస్క్‌కి పోవాల్సింది లీఫ్ కోసం ఒక్కసారే.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, నేనే అడిగేస్తాను: పేజీలో 900 కీలు ఉంటే వాటిల్లో వెతకాలి కదా, పని తగ్గిందెక్కడ? పోలికల పని తగ్గలేదు, నిజమే. 900లో వెతకడానికి పది పోలికలు, మూడు పేజీలకి కలిపి పాతిక పైచిలుకు. బైనరీ ట్రీకీ అంతే. కాకపోతే ఆ పాతిక పోలికలూ జేబులోంచి పెన్ను తీసే పోలికలు. 26 చోట్ల విడివిడిగా ఉన్నవాటిని మూడు సంచుల్లో కట్టాం, అంతకంటే ఏమీ చేయలేదు. 1970లో బోయింగ్ పరిశోధనశాలలో బేయర్, మెక్‌క్రైట్ అనే ఇద్దరు కనిపెట్టిన బీ-ట్రీ ఇదే. బీ అంటే బోయింగా, బేయరా, బ్యాలెన్స్‌డా అన్నది వాళ్ళు చెప్పకుండానే వదిలేశారు.

సరే, ఇంతవరకు సులువే. సంచి నిండిపోతే ఏం చేయాలన్నదే అసలు కథ.

బోర్డు మీద చిన్న పేజీ గీస్తున్నాను. దీనిలో నాలుగు కీలే పడతాయి. 10, 20, 30, 40 ఉన్నాయి, నిండింది. ఇప్పుడు 25 వచ్చింది. వరుస తప్పకూడదు కాబట్టి 20కీ 30కీ మధ్యే కూర్చోవాలి, చోటు లేదు. అప్పుడు కొత్త పేజీ ఒకటి తెచ్చి, ఐదింటినీ చెరి కొన్ని పంచుతాం. ఎడమ పేజీలో 10, 20. కుడి పేజీలో 25, 30, 40. ఇప్పుడు పైనున్న పేజీకి కబురు పెట్టాలి: "25, ఆ పైవి కావాలంటే ఈ కొత్త పేజీకి రావాలి" అని.

```
          [25]
         /    \
  [10 20]    [25 30 40]
```

25 రెండు చోట్లా ఉంది, గమనించారా? రికార్డు లీఫ్‌లోనే ఉంది, పైకి పోయింది దాని నకలు, దారి చూపే బోర్డులాగా. డేటాబేస్‌లు వాడే రకంలో అంతే. మధ్య అంతస్తు పేజీ నిండి చీలినప్పుడు మాత్రం నకలు ఉండదు. అక్కడ 25, 40, 60, 80 ఉండి 95 వచ్చిందనుకోండి. ఎడమకి 25, 40, కుడికి 80, 95. నడిమి 60 ఆ అంతస్తు వదిలేసి పైకే పోతుంది. పరీక్షల్లో చాలామంది తప్పు రాసేది ఇక్కడే.

పై పేజీ కూడా నిండి ఉంటే? అదీ చీలుతుంది, దాని పైదానికి కబురు పోతుంది. అలా పోయి పోయి రూట్ నిండితే రూట్ చీలుతుంది, దాని నెత్తిన కొత్త రూట్ పుడుతుంది. అంతస్తు పెరిగేది అప్పుడు మాత్రమే. మన పెరట్లో మామిడి చెట్టు కొమ్మల చివర్లో పెరుగుతుంది. ఇది వేరు దగ్గర పెరుగుతుంది. అందుకే లీఫ్‌లన్నీ ఎప్పుడూ ఒకే లోతులో ఉంటాయి, విడిగా బ్యాలెన్స్ చేసే పనే లేదు. ఇన్నోడీబీలో రూట్ పేజీ నంబరు మారకూడదు కాబట్టి చిన్న కిటుకు చేస్తారు: రూట్‌లో ఉన్నదంతా కొత్త పేజీలోకి దించేసి, ఆ పాత పేజీనే ఖాళీ చేసి పైన కూర్చోబెడతారు. ఇల్లు అదే, మనుషులు కిందికి దిగారు.

ఇప్పుడు ఇదే బోర్డు మీద 50 రానివ్వండి, కుడి పేజీలో కూర్చుంటుంది. తర్వాత 60 వచ్చింది, కుడి పేజీ చీలింది: 25, 30 ఒకవైపు, 40, 50, 60 ఇంకోవైపు. ఆ తర్వాత 70, 80, 90. కీలు ఎప్పుడూ పెరుగుతూనే వస్తుంటే ఆ 25, 30 ఉన్న పేజీకి ఇక జన్మలో కొత్త కీ రాదు. సగం ఖాళీతో అలాగే పడి ఉంటుంది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. సగం ఖాళీ పేజీల దండు. పుస్తకాల్లో చెప్పినట్టు కచ్చితంగా నడిమికి చీలిస్తే జరిగేది ఇదే. అందుకే నిజం డేటాబేస్‌లు అలా చేయవు. కీలు వరుసగా పెరుగుతున్నాయని కనిపెట్టగానే ఇన్నోడీబీ పాత పేజీని దాదాపు నిండుగా వదిలేసి, కొత్త కీని కొత్త పేజీలో పెడుతుంది. పేజీలో పదహారో వంతు మాత్రం తర్వాతి మార్పుల కోసం ఖాళీ ఉంచుతుంది. పోస్ట్‌గ్రెస్ కుడి అంచు పేజీని 90 శాతం నింపి వదులుతుంది.

కీలు ర్యాండమ్‌గా వస్తే ఈ తెలివి పని చేయదు. ఎక్కడ పడితే అక్కడ నడిమికి చీలాల్సిందే. చీలిన సగాలు మళ్ళీ నిండుతాయి, మళ్ళీ చీలుతాయి. చాలాకాలం నడిస్తే పేజీలు సగటున 69 శాతం దగ్గర తేలతాయి. గణితంలో నిరూపించిన సంగతే ఇది, 2 యొక్క సహజ లాగరిథమ్, 0.693.

డెయిరీకి వద్దాం. నా మొదటి అనుమానం ఈ చీలికల మీదే. ర్యాండమ్ కీలు, పేజీలు ఎడాపెడా చీలుతున్నాయి, అందుకే నెమ్మది అనుకున్నాను. ఇన్నోడీబీలో దానికొక కౌంటర్ ఉంది. మామూలుగా ఆపి ఉంటుంది, ఆన్ చేయాలి.

```
SET GLOBAL innodb_monitor_enable = 'index_page_splits';
SELECT name, count FROM information_schema.innodb_metrics
WHERE name = 'index_page_splits';
```

పొద్దున అప్‌లోడ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూశాను. మిగతా ఇండెక్స్‌ల వంతు తీసేస్తే 60 వేల రికార్డులకి ఎనిమిది వందల చీలికలు. కీలు వరుసగా వచ్చి ఉంటే ఎన్ని అయ్యేవి? పేజీకి వంద చొప్పున ఆరు వందలు. అంతే తేడా! నేను పట్టుకున్న దొంగ దొంగ కాదు. ఆలోచిస్తే అదీ న్యాయమే: ఒక్కో చీలికకి ఒక్కో కొత్త పేజీ పుడుతుంది, రెండు పద్ధతుల్లోనూ పుట్టే పేజీలు మరీ అంత తేడాగా ఉండవు.

అసలు దొంగ ఇంకో అంకెలో దొరికింది.

```
SHOW GLOBAL STATUS LIKE 'Innodb_buffer_pool_reads';
```

ఇది మెమరీలో దొరక్క డిస్క్‌కి పోయిన చదువుల లెక్క. పొద్దున అప్‌లోడ్‌లో ఇది ఇరవై వేల పైన పెరిగింది. రికార్డు రాయడానికి చదవడం ఎందుకంటారా? వచ్చిన కీ ఏ లీఫ్‌లో కూర్చోవాలో ఆ పేజీ చేతిలో ఉండాలి కదా. ర్యాండమ్ కీ అంటే టేబుల్‌లోని లక్షల పేజీల్లో ఏదైనా కావచ్చు. 60 వేల రికార్డులు దాదాపు 60 వేల వేర్వేరు పేజీల్ని తాకుతాయి.

లెక్క వేయండి. 69 శాతం నిండిన పేజీలో 74 రికార్డులు. రోజుకి 1,20,000 అంటే రోజుకి 1,600 పేజీలు, 26 ఎంబీ. సర్వర్‌లో పేజీలు దాచుకునే మెమరీ, బఫర్ పూల్, 4 జీబీ. దాన్ని నింపడానికి 150 రోజులు. ఐదు నెలలు! ఆ ఐదు నెలలూ టేబుల్ మొత్తం మెమరీలోనే ఉంది, కొండెక్కే పనే పడలేదు. ఆ రోజు దాటాక టేబుల్ పెరుగుతున్నకొద్దీ "కావలసిన పేజీ మెమరీలో లేదు" అనే సందర్భాలూ పెరిగాయి. ఎనిమిదో నెలకి టేబుల్ 6 జీబీ దాటింది, మూడు కీలకి ఒకటి చొప్పున డిస్క్ ప్రయాణం. అదొక్కటేనా, మారిన పేజీల్ని తిరిగి డిస్క్ మీద రాయాలి. ఒక్కో రికార్డుకి ఒక్కో 16 కేబీ పేజీ. 150 బైట్ల చీటీ కోసం. చదివేవి ఇరవై వేలు, రాసేవి అరవై వేలు, డిస్క్ చేసేది సెకనుకి 80. భాగహారం చేస్తే పదిహేడు నిమిషాలు, దాని మీద మిగతా ఇండెక్స్‌ల బరువు. అరగంట అయిందంటే ఆశ్చర్యం ఏముంది?

ఇంకో దెబ్బ కూడా ఉంది, చిన్నదే అనుకోండి. 36 అక్షరాల కీ వల్ల పై పేజీల్లో ఒక్కో దారికి 17 బైట్ల బదులు 46 దాకా పోయాయి. 900 దారుల పేజీ 350 దారులకి కుంచించుకుపోయింది. అదీ 69 శాతమే నిండితే 240. మూడంతస్తుల్లో 42 లక్షల రికార్డులు దాటేసరికి ఇరుకైపోతుంది, అంటే రెండో నెలలోనే నాలుగో అంతస్తు లేచింది. చెట్టు వెడల్పు డేటాబేస్ ఇచ్చే వరం కాదు, మీరు పెట్టే కీ సైజుని బట్టి ఉంటుంది. కాకపోతే ఆ పై అంతస్తులన్నీ కలిపినా 40 ఎంబీయే, మెమరీలోనే ఉండేవి. కాబట్టి నాలుగో అంతస్తు వల్ల చచ్చాం అని చెప్పను. చచ్చింది లీఫ్‌ల దగ్గర.

ఏం చేశాం? ట్యాబ్ ఐడీ పుట్టించుకోవడం తప్పదు. కానీ ర్యాండమ్ బదులు ముందు టైమ్, వెనక ర్యాండమ్ ఉండే ఐడీకి మారాం. ఇప్పుడు దానికి ప్రమాణం కూడా ఉంది, యూయూఐడీ ఏడో రకం, 2024లో వచ్చింది. మొదటి 48 బిట్లు మిల్లీ సెకన్లలో టైమ్. దాన్ని 36 అక్షరాలుగా కాకుండా 16 బైట్లుగానే దాచాం, `BINARY(16)`. దారికి 25 బైట్లు, పేజీకి 600 పైన. పాత చీటీలకి కూడా సేకరణ టైమ్ బట్టి కొత్త ఐడీలిచ్చి టేబుల్‌ని మళ్ళీ కట్టాం. ఒక రాత్రంతా పట్టింది, టెన్షన్ వేరే.

ఇక్కడ చాలామంది తప్పుగా చెప్పే మాట ఒకటుంది: టైమ్ ముందు పెడితే కీలు వరుసగా వస్తాయని. మాకు రాలేదు. ఒక ఊరి ట్యాబ్ ఏడింటికి పంపుతుంది, పక్క ఊరిది తొమ్మిదింటికి, ఇద్దరి చీటీలూ ఆరింటివే. కాబట్టి ఆ పూట పేజీల్లో మధ్యమధ్యలో దూరాల్సిందే, చీలికలూ ఉంటాయి, పేజీలు పూర్తిగా నిండవు. అయినా పర్వాలేదు. ఎందుకంటే ఆ తోపులాట అంతా ఆ పూట పేజీల్లోనే, ఏడెనిమిది వందలు, 12 ఎంబీ. అవన్నీ మెమరీలో వేడిగా ఉంటాయి. ఒక్కో పేజీ డిస్క్‌కి పోయేలోపు దానిలో డజన్ల కొద్దీ రికార్డులు చేరిపోతాయి. చీలికలు పోలేదు, అవి జరిగే చోటు మారింది. అప్‌లోడ్ మళ్ళీ పది నిమిషాల లోపుకి వచ్చింది.

(ప్రశ్నలు)

ఒక అబ్బాయి: సార్, ఇప్పుడు అందరూ ఎస్ఎస్‌డీలే కదా, ఇంకా ఈ గొడవ ఉంటుందా?

తగ్గుతుంది బాబూ, పోదు. ఎస్ఎస్‌డీ చదువు 100 మైక్రో సెకన్లు అనుకో, హార్డ్ డిస్క్ కంటే వంద రెట్లు మేలు. కానీ ఇందాకటి లెక్కలో అది 16 నిమిషాలు, జేబులో పెన్ను ఇంకా ఒక సెకనే. పైగా ఎస్ఎస్‌డీ కూడా పేజీల్లోనే చదువుతుంది, ఒక్క బైటు అడిగినా సంచే ఇస్తుంది. రాయడంలో 150 బైట్లకి 16 కేబీ రాస్తున్నావు కదా, దానికి ఎస్ఎస్‌డీ ఆయుష్షు తగ్గుతుంది. మా డెయిరీలో ఎస్ఎస్‌డీ పెట్టి ఉంటే రోగం ఏడాదికో రెండేళ్ళకో బయటపడేది.

ఒక అమ్మాయి: అయితే సార్, వెడల్పు మంచిదే అయితే పేజీ 1 ఎంబీ పెట్టుకోవచ్చు కదా? రెండంతస్తులతో అయిపోతుంది.

మంచి ప్రశ్న అమ్మా. అంతస్తు తగ్గినా లాభం లేదు, పై అంతస్తులు ఎలాగూ మెమరీలోనే ఉన్నాయి. లీఫ్ కోసం ఒక ప్రయాణం అప్పుడూ తప్పదు. నష్టం మాత్రం బోలెడు. ఒక్క చీటీ మారితే 1 ఎంబీ తిరిగి రాయాలి. 4 జీబీ మెమరీలో 16 కేబీవైతే రెండున్నర లక్షల పేజీలు పడతాయి, 1 ఎంబీవైతే నాలుగు వేలే. ఒక రైతు చీటీ కోసం ఆ పేజీలో ఉన్న ఆరు వేల పైచిలుకు చీటీలూ వచ్చి కూర్చుంటాయి. సంచి నింపుకోమన్నాను గానీ లారీ కట్టమనలేదు.

ఇంకొకరు: అన్నా, పేజీ చీలుతుండగా మధ్యలో ఎవరైనా వెతకడానికి వస్తే? కొత్త పేజీ పుట్టింది, పైవాడికి ఇంకా కబురు అందలేదు.

ఆ సందు నిజంగానే ఉంది. దానికి 1981లో లేమన్, యావ్ అనే ఇద్దరు చెప్పిన ఉపాయాన్ని పోస్ట్‌గ్రెస్ వాడుతుంది. ప్రతి పేజీలో రెండు అదనపు సంగతులు రాసి పెడతారు: నా దగ్గర ఉండే కీలన్నీ ఇంతకంటే చిన్నవే, నా కుడి పక్క పేజీ ఫలానా. ఇందాకటి బోర్డు చూడు. నువ్వు 30 కోసం వచ్చావు, పైవాడికి చీలిక సంగతి తెలియదు కాబట్టి పాత పేజీకే పంపాడు. అక్కడ 10, 20 ఉన్నాయి, హద్దు 25 అని రాసి ఉంది. 30 హద్దు దాటింది కాబట్టి పేజీ చీలిందని నీకే అర్థమవుతుంది. వెనక్కి పైకి పోకుండా పక్క పేజీలోకి అడుగేస్తావు, 30 అక్కడ ఉంటుంది.